నొప్పి లేకుండా వచ్చే గుండెపోటు: రాత్రి వార్డులో నర్సు దాన్ని ఎలా పసిగడుతుంది?

క్లుప్తంగా: షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవారిలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. నొప్పి కబురు మోసే నరాలు దెబ్బతినడం దీనికి ముఖ్య కారణం. నొప్పి లేకపోయినా చెమట, ఆయాసం, బీపీ తగ్గడం, కారణం లేకుండా షుగర్ పెరగడం వంటి మార్పులు తరచుగా కనిపిస్తాయి. అవి గ్యాస్‌లాగో, లో షుగర్‌లాగో, ఇన్‌ఫెక్షన్‌లాగో అనిపించడం వల్లే ఆలస్యం జరుగుతుంది. ఆలోపు ఎవరైనా ఈసీజీ తీస్తారా లేదా అన్నదానిపైనే రోగి పరిస్థితి చాలావరకు ఆధారపడుతుంది.

గుండెపోటు అనగానే ఛాతీ పట్టుకుని కూలబడిపోయే మనిషే మనకు గుర్తొస్తాడు. అందుకే "నొప్పి లేకపోయినా ఇది హార్ట్ ఎటాకే" అని డాక్టర్ చెప్పినప్పుడు చాలా కుటుంబాలు నమ్మలేవు. అసలు నొప్పి ఎందుకు రాదు, రాకపోతే దాన్ని పట్టుకోవడం ఎలా అన్నది ఒక రాత్రి వార్డులో జరిగే సంగతుల ద్వారా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కింది సందర్భం ఏ ఒక్క రోగిదో కాదు. సర్జికల్ వార్డుల్లో ఎదురయ్యే పరిస్థితుల నుంచి వివరణ కోసం అల్లిన కథ.

### రాత్రి 2:50, మగవాళ్ల సర్జికల్ వార్డు

జిల్లా కేంద్రంలోని ఆస్పత్రి. 58 ఏళ్ల రోగి. 14 ఏళ్లుగా షుగర్. కుడికాలి బొటనవేలి కింద పుండుతో చేరాడు. చెప్పులో చిన్న మేకు గుచ్చుకుంటే రెండు రోజుల దాకా తెలియలేదట. సాక్సుకు అంటిన రక్తం చూసి భార్య కనిపెట్టింది. మర్నాడు పొద్దున పుండు శుభ్రం చేసే ఆపరేషన్ ఉంది. అందుకని రాత్రి 12 దాటాక ఏమీ తినొద్దు, తాగొద్దు అని మంచానికి చీటీ కట్టారు. ఆపరేషన్‌కు ముందు తీసే మామూలు ఈసీజీ సాయంత్రమే తీసి కేస్ షీట్‌లో పెట్టారు.

రాత్రి 10 గంటలకు రాసిన చార్ట్ ఇలా ఉంది: నాడి 96, బీపీ 146/88, నిమిషానికి 18 శ్వాసలు, ఆక్సిజన్ 97 శాతం, జ్వరం లేదు, షుగర్ 168. పడుకునే ముందు ఇన్సులిన్ ఇచ్చారు.

నైట్ డ్యూటీ నర్సు పక్క మంచం రోగికి సెలైన్ బాటిల్ మార్చడానికి 2:50కి అటు వచ్చింది. ఈ రోగి మంచం అంచున కాళ్లు కిందికి వేసి, రెండు చేతులూ మంచానికి ఆనించి కూర్చుని ఉన్నాడు. పక్కవాళ్లంతా దుప్పట్లు కప్పుకుని ఉంటే, ఈయన బనియన్ మెడ దగ్గర తడిసిపోయింది.

"ఏమైంది బాబాయ్, నిద్ర పట్టలేదా?"

"ఏం లేదు సిస్టర్. కాస్త ఉక్కగా ఉంది. పడుకుంటే ఊపిరాడనట్టుంది, కూర్చుంటే బానే ఉంది."

"గుండెల్లో నొప్పి, బరువు ఏమన్నా ఉందా?"

"నొప్పేం లేదమ్మా."

మంచాల మధ్య చాప మీద పడుకున్న భార్య లేచి కూర్చుంది. "గ్యాసేమో సిస్టరమ్మా. సాయంత్రం పునుగులు తిన్నాడు, వద్దంటే వినలేదు."

నర్సు చేతి వెనక భాగంతో ఆయన నుదురు తాకింది. చల్లగా, తడిగా ఉంది. పాదం తాకితే పొడిగా ఉంది. ఎండలో పనిచేసినప్పుడు పట్టే చెమట వెచ్చగా ఉంటుంది. ఒంట్లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు అడ్రినలిన్ వల్ల చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, చెమట గ్రంథులు మాత్రం పనిచేస్తాయి. అందుకే చర్మం చల్లబడుతూనే తడుస్తుంది. పాదాలు పొడిగా ఉండడానికి కారణం వేరే. షుగర్ వల్ల పాదాల్లోని సన్నని నరాలు పోయినవారికి అక్కడ చెమట పట్టడం తగ్గిపోతుంది. పొడిబారి, పగిలి, పుండ్లు పడేది కూడా అందుకే. కాళ్లు మాత్రమే ముట్టుకుని చూసేవాళ్లకు ఈ చెమట తెలియకుండానే పోయేది.

### నొప్పి ఎందుకు రాలేదు?

గుండె కండరానికి రక్తం అందనప్పుడు ఆ కండరం నుంచి అడెనోసిన్, బ్రాడికైనిన్ వంటి పదార్థాలు విడుదలవుతాయి. అవి గుండెలోని నరాల కొసలను రేపుతాయి. ఆ కబురు సింపథెటిక్ నరాల వెంట ఛాతీ పైభాగం ఎత్తులో వెన్నుపాములోకి చేరి, అక్కణ్నుంచి మెదడుకు వెళ్తుంది. ఎడమచెయ్యి, భుజం నుంచి వచ్చే నరాలు కూడా దాదాపు అదే చోట వెన్నుపాములో కలుస్తాయి. గుండె నొప్పి చేతిలోకి పాకినట్టు అనిపించడం అందువల్లే.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే సన్నని నరాలు ముందు దెబ్బతింటాయి. వాటికి ఆహారం, ఆక్సిజన్ అందించే సూక్ష్మ రక్తనాళాలు కూడా చెడతాయి. పాదాల్లో మొదలయ్యే తిమ్మిరి అందరికీ తెలిసిన సంగతే. ఇదే జబ్బు మన ఆధీనంలో లేని నరాలను, అంటే గుండె, పేగులు, చెమట గ్రంథులు, రక్తనాళాలను నడిపే నరాలను కూడా పట్టుకుంటుంది. వాటిలో అన్నిటికంటే పొడవైన వేగస్ నరం తొందరగా దెబ్బతింటుంది. గుండె వేగానికి బ్రేకు వేసేది ఆ నరమే కాబట్టి, అది బలహీనపడితే ఊరికే కూర్చున్నా నాడి వేగంగా కొట్టుకుంటుంది. ఈ రోగికి రాత్రి 10 గంటలకే, ఏ ఇబ్బందీ లేకుండానే, నాడి 96 ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఈ వార్డులో చాలామంది ఆలోచించని విషయం ఒకటుంది. మేకు గుచ్చుకున్నా తెలియని మనిషికి గుండెలో నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాలి నరాల జబ్బు, గుండె నరాల జబ్బు ప్రతి ఒక్కరిలో కలిసే ఉంటాయని కాదు. కానీ నొప్పి లేని పుండుతో ఆస్పత్రిలో చేరిన షుగర్ రోగి "ఛాతీలో నొప్పి లేదు" అంటే, ఆ జవాబుకు మామూలు రోగి జవాబుకున్నంత బరువు ఇవ్వకూడదు. పుండు కేసును పుండు కేసుగానే చూడడం వార్డులో జరిగే మొదటి పొరపాటు.

నరాల జబ్బు ఒక్కదానితోనే అంతా తేలిపోదు కూడా. షుగర్ లేనివారిలోనూ నొప్పి లేని గుండెపోట్లు వస్తాయి. వయసు మళ్లినవారిలో, ఆడవారిలో ఇవి ఎక్కువ. ఒకే రకమైన దెబ్బకు ఒకరు విలవిల్లాడితే, మరొకరు కాస్త అలసటగా ఉందని మాత్రమే అంటారు.

### 'సైలెంట్' అంటే రెండు వేర్వేరు సంగతులు

వార్తల్లో, వాట్సాప్ మెసేజుల్లో 'సైలెంట్ హార్ట్ ఎటాక్' అన్న మాటను రెండు వేర్వేరు విషయాలకు వాడుతుంటారు. గందరగోళంలో సగం దీనివల్లే.

మొదటిది నిజంగానే ఏ లక్షణమూ లేకుండా జరిగిపోయేది. అప్పుడు ఎవరికీ తెలియదు. నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో వేరే పనికి ఈసీజీ తీస్తే క్యూ వేవ్ అనే పాత మచ్చ కనిపిస్తుంది. అమెరికాలోని ఫ్రామింగామ్ పట్టణంలో 1948లో మొదలై, జనాన్ని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో ఇది బాగా తేలింది. క్రమం తప్పకుండా ఈసీజీలు తీయడం వల్ల, మగవారి గుండెపోట్లలో పావు వంతుకు పైగా, ఆడవారిలో సుమారు మూడో వంతు ఆ సమయంలో ఎవరూ గుర్తించనివేనని తెలిసింది. వాటిలో దాదాపు సగం ఏ లక్షణమూ లేనివి. మిగతావాటిలో ఏదో ఒక ఇబ్బంది ఉన్నా అది గుండెదని రోగికీ అనిపించలేదు, డాక్టరుకూ అనిపించలేదు.

ఆ మిగతా సగమే రెండో రకం. నొప్పి ఉండదు, కానీ ఒళ్లు వేరే విధంగా చెబుతుంది. ఆయాసం, చల్లని చెమట, వికారం, ఉన్నట్టుండి నీరసం, పెద్దవాళ్లలో అయోమయంగా మాట్లాడడం. మొదటి రకాన్ని ఎంత మంచి నర్సయినా పట్టలేదు. రెండో రకాన్ని పట్టగలదు. 2:50కి మన రోగిలో కనిపిస్తున్నది రెండోదే.

రెండో రకం ఎంత ప్రమాదకరమో అమెరికాలో గుండెపోటు రోగుల జాతీయ రిజిస్ట్రీ ఆధారంగా 2000లో వచ్చిన విశ్లేషణ చూపించింది. నాలుగు లక్షలకు పైగా రోగుల్లో 33 శాతం మందికి ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఛాతీనొప్పి లేదు. నొప్పి ఉన్నవారిలో ఆస్పత్రిలో చనిపోయినవారు 9.3 శాతమైతే, నొప్పి లేనివారిలో 23.3 శాతం. ఈ తేడాకు నొప్పి లేకపోవడమే కారణమని అనుకోకూడదు. వాళ్లు సగటున వయసులో పెద్దవాళ్లు, ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చారు, మూసుకున్న రక్తనాళాన్ని తెరిచే చికిత్స కూడా వాళ్లలో చాలా తక్కువమందికే అందింది.

### గ్యాస్, లో షుగర్, ఇన్‌ఫెక్షన్

రాత్రి మూడింటికి ఈ రోగిని చూస్తే ఎవరికైనా ముందు తట్టేవి ఈ మూడే. మూడింటికీ కారణాలున్నాయి కాబట్టే మూడూ దారి తప్పిస్తాయి.

గ్యాస్ అనుకోవడం అన్నిటికంటే సులువు. తిన్న పునుగులు ఉన్నాయి, చెప్పేందుకు భార్య ఉంది, పాంటాప్ ఇంజెక్షన్ ట్రేలోనే ఉంది. గుండె అడుగుభాగానికి దెబ్బ తగిలినా పొట్ట పైభాగంలో తిప్పినట్టు ఉంటుంది. పైగా ఇంజెక్షన్ ఇచ్చాక ఏ కారణంతోనైనా కాస్త తేలికపడితే అనుమానం పూర్తిగా పోతుంది. అయితే అజీర్తి వల్ల ఇబ్బంది పడే మనిషికి చల్లని చెమటలతో పాటు బీపీ పడిపోదు.

లో షుగర్ అనుమానం మరింత సబబైనది. ఇన్సులిన్ వేసి, ఆహారం ఆపిన రోగికి అర్ధరాత్రి చెమటలు పడితే ముందు చూడాల్సింది షుగరే. దాన్ని చూడకుండానే గ్లూకోజ్ ఎక్కించేయడం కొన్నిచోట్ల అలవాటు. ఈ నర్సు 2:53కి వేలి నుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటర్‌తో చూసింది: 264. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటేనే లో షుగర్ అంటారు. కాబట్టి చెమటకు కారణం అది కాదు.

ఇక్కడితో "లో షుగర్ కాదు, పరవాలేదు" అని మీటర్ పక్కన పెట్టేస్తే సగం సమాచారమే వాడుకున్నట్టు. పది గంటలకు 168 ఉన్న షుగర్, ఇన్సులిన్ వేశాక, ఏమీ తినకుండా, 264కి ఎందుకు ఎక్కింది? గుండెకు దెబ్బ తగిలినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. అవి కాలేయం నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి తోస్తాయి, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. కారణం కనబడకుండా షుగర్ ఎక్కడం ఒంట్లో ఏదో పెద్ద ఇబ్బంది ఉందని చెప్పే గుర్తు. అది గుండెదేనని మాత్రం ఆ అంకె చెప్పదు.

ఎందుకంటే మూడో అనుమానం, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకడం, అచ్చం ఇలాగే ఉంటుంది. పుండు ఉంది, నాడి పెరిగింది, బీపీ తగ్గుతోంది, షుగర్ ఎక్కింది. షుగర్ రోగుల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. డాక్టర్లు కూడా ఎక్కువగా పొరబడేది ఈ చోటే. పొరబడితే నష్టం కూడా ఇక్కడే ఎక్కువ. సెప్సిస్ అనుకుంటే తొలి చికిత్సలో భాగంగా సెలైన్ వేగంగా ఎక్కిస్తారు. గుండెపోటు వల్ల ఎడమ జఠరిక సరిగా పంపు చేయలేని స్థితిలో లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పడుకుంటే ఊపిరాడక, కూర్చుంటే తేలికపడడం అప్పటికే ఆ ఇబ్బంది మొదలైందని చెబుతోంది. అందుకే ఇలాంటి రోగికి సెలైన్ వేగం పెంచే ముందు ఈసీజీ తీసి చూడాలి.

### స్కోరు 1 నుంచి 6కి

2:55కి నర్సు మళ్లీ కొలతలన్నీ తీసింది: నాడి 112, బీపీ 104/70, శ్వాస 22, ఆక్సిజన్ 94 శాతం, జ్వరం లేదు, స్పృహ బాగానే ఉంది.

ఈ అంకెల్లో ఏ ఒక్కటీ విడిగా చూస్తే భయపెట్టేది కాదు. బీపీ 104 చాలామందికి మామూలే. 94 శాతం ఆక్సిజన్‌కు కంగారుపడేవాళ్లు తక్కువ. ఈ చిక్కును దాటడానికే బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ అనే పద్ధతి తెచ్చి, 2017లో సవరించింది. ఒక్కో కొలతకు 0 నుంచి 3 వరకు పాయింట్లు వేసి కూడడమే ఆ పద్ధతి.

దాని ప్రకారం రాత్రి 10 గంటల కొలతలకు వచ్చే స్కోరు 1. నాడి 96 ఉన్నందుకే ఆ ఒక్క పాయింటు. 2:55కి నాడికి 2, శ్వాసకు 2, ఆక్సిజన్‌కు 1, బీపీకి 1, మొత్తం 6. స్కోరు 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఎమర్జెన్సీ బృందం రావాలి అని ఆ పద్ధతి చెబుతుంది. మన వార్డుల్లో ఈ స్కోరు వేయకపోయినా, పది గంటల కొలతల పక్కన ఇప్పటి కొలతలు రాసి చూస్తే అదే విషయం అర్థమవుతుంది. ఐదు గంటల్లో పై బీపీ 42 పడింది, నాడి 16 పెరిగింది.

ఈ కొలతల్లో శ్వాసను సరిగా లెక్కపెట్టడం చాలాచోట్ల జరగదు. చార్టుల్లో రోగులందరికీ 18 లేదా 20 అని రాసి ఉండడం ఆస్పత్రులు తెలిసినవారికి కొత్త కాదు. వాచీ పట్టుకుని నిమిషం పాటు ఛాతీని చూస్తేనే అసలు అంకె వస్తుంది. ఈ కేసులో శ్వాసను అందాజుగా 18 అని రాసి ఉంటే స్కోరు 4 దగ్గరే ఆగిపోయేది.

ఈ స్కోరుకు పరిమితి కూడా ఉంది. రోగి పరిస్థితి దిగజారుతోందని చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. గుండెపోటుకైనా సెప్సిస్‌కైనా అదే 6 వస్తుంది. బీటా బ్లాకర్ మాత్రలు వాడే రోగి నాడి పెరగాల్సినంత పెరగదు కాబట్టి స్కోరు తక్కువగా కూడా చూపవచ్చు.

### ఫోన్‌లో ఏం చెప్పిందన్నదే ముఖ్యం

అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు వచ్చే ఫోన్లు ఎక్కువ. "సార్, 12వ బెడ్ పేషెంటుకు ఒంట్లో బాలేదు, ఆయాసంగా ఉందంటున్నాడు" అంటే చాలాసార్లు వచ్చే జవాబు "పాంటాప్ ఇవ్వండి, కాసేపాగి వస్తా". తప్పు ఆ డాక్టరుది ఒక్కడిదే కాదు. ఆ మాటలో తొందరపెట్టే సమాచారం లేదు.

2:58కి ఈ నర్సు చెప్పింది ఇదీ: "సార్, సర్జికల్ వార్డు 12వ బెడ్. 14 ఏళ్ల షుగర్, రేపు డిబ్రైడ్‌మెంట్. పది గంటలకు బీపీ 146, ఇప్పుడు 104. పల్స్ 112, రెస్పిరేషన్ 22. చల్లటి చెమటలు, పడుకోలేకపోతున్నాడు. షుగర్ 264, లో షుగర్ కాదు. చెస్ట్ పెయిన్ లేదు, కానీ డయాబెటిక్ ఫుట్ కాబట్టి కార్డియాక్ అనుమానంగా ఉంది. ఈసీజీ తీస్తున్నాను, మీరు వెంటనే రావాలి సార్."

ఎవరు, నేపథ్యం ఏమిటి, ఏం మారింది, ఏ అనుమానం, ఏం కావాలి అన్నవన్నీ అర నిమిషంలో వచ్చేశాయి. "లో షుగర్ కాదు", "చెస్ట్ పెయిన్ లేదు, కానీ" అన్న రెండు ముక్కలు అవతలివారు అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబిచ్చాయి.

ఈసీజీ 3:04కి చేతికొచ్చింది. గుండెపోటు అనుమానం వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న నియమం. రాత్రిపూట వార్డులో అది కుదరాలంటే మెషీన్ దగ్గర్లో ఉండాలి, పేపర్ రోల్ ఉండాలి, తీయడం నర్సుకు వచ్చి ఉండాలి. టెక్నీషియన్ పొద్దున వస్తాడనే ఆస్పత్రిలో ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది.

### ఈసీజీలో ఏముంది, తర్వాత ఏం జరిగింది

గుండె ముందు భాగాన్ని చూపించే వీ2, వీ3, వీ4 లీడ్లలో, ఈసీజీ గీతలోని ఎస్‌టీ అనే భాగం 3 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. పక్కపక్క లీడ్లలో ఇంత పెరుగుదల ఉంటే గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ధమని మూసుకుపోయిందని అనుమానించాలి. సాయంత్రం తీసిన ఈసీజీతో పోల్చి చూస్తే అందులో ఈ పెరుగుదల లేదు. కాబట్టి ఇది కొత్తది. ఆ పాత ఈసీజీలో ఇంకొకటి కూడా బయటపడింది. గుండె అడుగుభాగాన్ని చూపించే లీడ్లలో క్యూ వేవ్స్ ఉన్నాయి. అంటే ఆయనకు ఇంతకుముందే ఎప్పుడో ఒక గుండెపోటు ఎవరికీ తెలియకుండా వచ్చి వెళ్లినట్టుంది. మొదటి రకం, రెండో రకం ఒకే మనిషిలో కనిపించాయి.

ఎస్‌టీ ఇంత స్పష్టంగా లేచినప్పుడు ట్రోపోనిన్ రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు. గుండె కండరం దెబ్బతిన్నాక ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. మొదటి గంటల్లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన గుండెపోటు కాదని తేల్చలేం. కొన్ని గంటలాగి మళ్లీ చేయాలి.

డాక్టర్ వచ్చి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు రెండు ఇచ్చాడు: ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాములు నమిలించాడు, క్లోపిడోగ్రెల్ 300 మిల్లీగ్రాములు ఇచ్చాడు. "ఏమీ తినొద్దు" అన్న చీటీ ఉన్నా ఆస్పిరిన్ ఇవ్వాల్సిందే, ఎందుకంటే పొద్దుటి ఆపరేషన్ ఇక ఎలాగూ జరగదు. నాలుక కింద, రక్తనాళాలను వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర పెట్టలేదు. బీపీ పడిపోతున్న రోగికి అది బీపీని ఇంకా దించుతుంది. ఆక్సిజన్ మాస్క్ కూడా వెంటనే పెట్టలేదు. ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితేనే దానివల్ల మేలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాస్క్ పెట్టకపోతే ఏమీ చేయట్లేదని బంధువులు ఆందోళనపడడం సహజం, వాళ్లకు ఆ మాట వివరంగా చెప్పాలి.

మూసుకున్న ధమనిని తెరవడమే అసలు చికిత్స. రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌లో యాంజియోప్లాస్టీ చేయగలిగితే అది మేలు. అంత దగ్గర్లో లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉన్నచోటే ఇచ్చి, తర్వాత పెద్దాస్పత్రికి పంపాలి. తెలుగు రాష్ట్రాల్లో చిన్న ఆస్పత్రుల నుంచి ఈసీజీని పెద్దాస్పత్రిలోని కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సలహాతో టెనెక్టెప్లేజ్ అనే ఆ ఇంజెక్షన్ ఇచ్చే హబ్ అండ్ స్పోక్ పద్ధతి ఈ అవసరం కోసమే వచ్చింది. ఈ రోగికి క్యాథ్‌ల్యాబ్ మూడు గంటల దూరం. పుండుకు ఇంకా ఆపరేషన్ జరగలేదు కాబట్టి, కోసిన చోట రక్తస్రావం అవుతుందన్న అడ్డంకి ఇంజెక్షన్‌కు లేదు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిని ఉంటే ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదనే భయం కొందరికి ఉంది, కానీ అది దీన్ని ఆపడానికి కారణం కాదు.

ఇంజెక్షన్ పనిచేసిందా లేదా అన్నది మామూలు రోగిలో కొంతవరకు నొప్పి తగ్గడాన్ని బట్టి అంచనా వేస్తారు. ఈయనకు మొదట్నుంచీ నొప్పే లేదు. అందుకే 60 నుంచి 90 నిమిషాల మధ్య మళ్లీ ఈసీజీ తీసి, లేచిన ఎస్‌టీ కనీసం సగానికి దిగిందా అని చూడాలి. దిగకపోతే ఆలస్యం లేకుండా యాంజియోప్లాస్టీకి పంపాలి. "ఇప్పుడు బానే ఉంది సార్" అన్న రోగి మాట మీద ఆధారపడితే ఇక్కడ రెండోసారి మోసపోతాం.

ఆ రాత్రి ఎవరూ గమనించకపోతే పొద్దున ఆయన్ను ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేవారు. నడుస్తున్న గుండెపోటు మీద వెన్నులో మత్తు ఇస్తే రక్తనాళాలు వదులై, అప్పటికే తక్కువున్న బీపీ ఇంకా పడిపోతుంది.

### ఆస్పత్రిలోనే ఉన్నా ఎందుకు ఆలస్యమవుతుంది?

గుండెపోటు ఇంట్లో కంటే ఆస్పత్రిలో వస్తే మేలని అనిపిస్తుంది. లెక్కలు వేరేలా ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా ఆస్పత్రుల మీద 2014లో వచ్చిన పరిశీలనలో, వేరే జబ్బుతో చేరి ఉండగా ఎస్‌టీ లేచే రకం గుండెపోటు వచ్చినవారిలో మరణాలు, బయటి నుంచి అదే రకం గుండెపోటుతో వచ్చినవారి కంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. అప్పటికే వేరే జబ్బు ఉండడం ఒక కారణం. ఎమర్జెన్సీ గదిలో ఉండే అప్రమత్తత వార్డులో ఉండకపోవడం ఇంకో కారణం. క్యాజువాలిటీకి చెమటలతో వచ్చినవారికి ఈసీజీ తీస్తారు. పుండుతో వార్డులో ఉన్నవారికి చెమట పడితే ఫ్యాన్ పెంచుతారు.

దీనికి సిబ్బంది కొరత తోడవుతుంది. జనరల్ వార్డుల్లో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ప్రభుత్వ వార్డుల్లో రాత్రి షిఫ్టులో అది చాలా అరుదు. ఈ కథలో నర్సు ఆ మంచం దగ్గరకు వచ్చింది పక్కవాళ్ల సెలైన్ అయిపోవడం వల్ల. నాలుగు గంటల రౌండుకే వచ్చి ఉంటే గంటకు పైగా పోయేది.

గుండెపోట్లు తెల్లవారాక, ఉదయం వేళల్లో ఎక్కువగా వస్తాయన్నది 1980ల నుంచీ తెలిసిన విషయం. నరాల జబ్బున్న షుగర్ రోగుల్లో ఈ ఉదయపు పెరుగుదల అంత స్పష్టంగా లేదని కొన్ని అధ్యయనాల్లో తేలింది. రోజులోని గంటలను బట్టి గుండెను ఎగదోసే నరాల లయే వాళ్లలో దెబ్బతిని ఉండడం దీనికి వివరణ. వాళ్లకు రాత్రి భద్రమైన సమయం అనుకోవడానికి వీల్లేదు.

### షుగర్ ఉన్న అందరికీ ముందే గుండె టెస్టులు చేయాలా?

ఈ ప్రశ్నకు డయాడ్ అనే అధ్యయనం చాలావరకు జవాబిచ్చింది. ఏ గుండె లక్షణాలూ లేని టైప్ 2 షుగర్ రోగులు వెయ్యిమందికి పైగా అందులో పాల్గొన్నారు. సగం మందికి గుండె స్కానింగ్ చేశారు, సగం మందికి చేయలేదు. స్కాన్ చేసినవారిలో సుమారు 22 శాతం మందికి బయటపడని ఇబ్బంది కనిపించింది. అయినా దాదాపు ఐదేళ్ల తర్వాత 2009లో ఫలితాలు చూస్తే గుండెపోట్లు, గుండె మరణాల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంచి మందులు వాడుతున్నప్పుడు ముందస్తు స్కాన్‌తో అదనపు లాభం పెద్దగా లేదన్నమాట. షుగర్ ఉందని తెలియగానే వేలు పోసి ప్యాకేజీ టెస్టులు చేయించుకోవాలన్న ప్రచారానికి ఈ ఆధారం సరిపోదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపు, పొగ మానడం, సూచించిన స్టాటిన్ మాత్ర మానకపోవడం వంటివాటికే ఆధారం బలంగా ఉంది.

ఆయాసం, కాళ్లవాపు, పాత క్యూ వేవ్స్ వంటివి ఉన్నవారి సంగతి వేరు. వాళ్లకు పరీక్షలు అవసరం. మన రోగి ఈసీజీలో సాయంత్రమే పాత మచ్చలు ఉన్నాయి కాబట్టి, ఆపరేషన్‌కు ముందు ఎకో తీసి చూడాల్సిన కేసే అది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇలాంటి రోగికి, ముఖ్యంగా ఆయన భార్యకు, చెప్పాల్సిన మాట ఒకటుంది. మళ్లీ గుండెపోటు వచ్చినా బహుశా ఇలాగే, నొప్పి లేకుండానే వస్తుంది. చల్లని చెమట, పడుకుంటే ఆయాసం, ఉన్నట్టుండి నీరసం, కారణం లేకుండా షుగర్ ఎక్కడం వీటిలో ఏవైనా కలిసి కనిపిస్తే ముందు షుగర్ చూడాలి. 70 కంటే తక్కువైతే చక్కెర నీళ్లు ఇవ్వాలి. పావుగంటలో షుగర్ పెరిగాక కూడా ఇబ్బంది పోకపోయినా, లేదా మొదట్నుంచే షుగర్ 70 పైన ఉన్నా, గ్యాస్ మాత్ర వేసి తెల్లారే దాకా చూడకుండా 108కి ఫోన్ చేయాలి. పాత ఈసీజీ కాగితం ఇంట్లో చేతికందే చోట పెట్టుకుని వెంట తీసుకెళ్తే, కొత్త మార్పు ఏదో అక్కడి డాక్టరుకు నిమిషంలో తెలుస్తుంది.